ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు

మే నెల మధ్యాహ్నం విజయవాడలో మా రిపేరు షాపుకి ఒక డెలివరీ కుర్రాడు వచ్చాడు. "అన్నా, బ్యాక్ ప్యానెల్ లేచిపోతోంది, కాస్త గమ్ పెట్టి అతికించవా" అన్నాడు. ఊడిపోకుండా ఫోనుకి రెండు రబ్బరు బ్యాండ్లు వేసుకొచ్చాడు. అవి తీసి, తెర కిందికి వచ్చేలా గాజు కౌంటరు మీద పెట్టి, మూలను వేలితో తోశాను. గిర్రున తిరిగింది. తెర చదునుగా ఉంటే అలా తిరగదు. తెర మధ్యలో తెల్లటి మచ్చ కూడా ఉంది. "అదొచ్చి వారమైందన్నా, డిస్‌ప్లే పోతోందేమో అనుకున్నా" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి లోపల బ్యాటరీ ఉబ్బి తెరను వెనకనుంచి తోస్తోంది. అంచుల్లో సందు కనిపించినా, పవర్ బటన్ బిగుసుకుపోయినా, ఛార్జ్ ఉన్నట్టుండి పడిపోతున్నా ముందు బ్యాటరీనే అనుమానించాలి.

అతని ఫోను రోజంతా హ్యాండిల్ హోల్డర్‌లో ఎండకే ఉంటుంది. మ్యాప్ నడుస్తూ, బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి, బండి నుంచి ఛార్జింగ్ వైరు తగిలించే ఉంటుంది. అంటే ఎప్పుడూ వేడిగా, ఎప్పుడూ నిండుగా. ఫోను బ్యాటరీ అంటే వెండిరంగు సంచిలో సీలు వేసిన పలుచని పొరలు, వాటి మధ్య ఒక ద్రవం. వేడి, ఫుల్ ఛార్జ్ రెండూ కలిసినప్పుడు ఆ ద్రవం త్వరగా విరిగి గ్యాసుగా మారుతుంది. బయటికి దారి లేక సంచి ఉబ్బుతుంది. చుట్టూ 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఫోను కంపెనీలు చెబుతాయి. మన మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. కిందపడి వంగిన బ్యాటరీలు, నాసిరకం డూప్లికేట్లు, రెండు మూడేళ్లు వాడి అరిగినవి ఇంకా తొందరగా ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బింది మళ్లీ బాగవదు.

అందుకే నన్ను భయపెట్టింది ఆ రబ్బరు బ్యాండ్లు. బ్యాటరీ పొరలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఉండే అడ్డుపొర మన వెంట్రుక కంటే పలుచన. నొక్కితే, వంచితే అది చిరుగుతుంది. లోపల షార్ట్ అయి క్షణాల్లో మంట లేస్తుంది. సూదితో పొడిచి గ్యాసు తీసి టేపు వేసే వాళ్లను చూశాను. ఆ గ్యాసు మండేది. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

మీ ఫోను ఉబ్బినట్టు కనిపిస్తే ఛార్జింగ్‌లో ఉందేమో చూడండి. ఉంటే గోడ దగ్గర స్విచ్ ఆపి వైరు తీయండి. ఫోను ఆఫ్ చేసి, పొడి ఇసుక పోసిన స్టీలు గిన్నెలో పెట్టి, పరుపులకీ గ్యాసు బండకీ దూరంగా నీడపట్టున ఉంచండి. మూత బిగించొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. షాపుకి తీసుకెళ్లేటప్పుడు కూడా అదే గిన్నెలో తేవాలి, జేబులో కాదు. ఫొటోలు, నంబర్లు పోతాయేమోనని చివరిసారి ఛార్జింగ్ పెడతారు కొందరు. అవసరం లేదు, డేటా ఫోను మెమరీలో ఉంటుంది, బ్యాటరీ మార్చినా పోదు. ఆ రోజు డ్యూటీకి సిమ్ తీసి వేరే ఫోనులో వేసుకోండి.

బుసబుసమన్నా, థిన్నర్ లాంటి తియ్యటి వాసన వచ్చినా, పొగ లేచినా ఇక ఫోను జోలికి వెళ్లొద్దు. ఆ పొగ విషం. అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. చిన్న మంటైతే, కరెంటు ఆపాక, దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయవచ్చు.

తీసిన బ్యాటరీని ఎక్కడ వేయాలన్నది కూడా అంతే ముఖ్యం. చెత్త బండిలో వేస్తే, చెత్తను నలిపే యంత్రంలో అంటుకుంటుంది. పక్కన ఉండేది పారిశుద్ధ్య కార్మికుడు. పాత సామాన్లవాళ్లకి ఇస్తే సుత్తితో కొడతారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. మిగతా చెత్తలో కలపకుండా ఇవ్వడం మన బాధ్యత. కనెక్టర్‌కి ఇన్సులేషన్ టేపు వేసి, సర్వీస్ సెంటర్‌కి గానీ అనుమతి ఉన్న ఈ-వేస్ట్ కేంద్రానికి గానీ ఫోన్ చేసి "ఉబ్బిన బ్యాటరీ" అని ముందే చెప్పి, చేతికి ఇవ్వండి. అక్కడి డబ్బాలో పడేసి రావొద్దు. కొరియర్‌లో అసలే పంపొద్దు.

కొత్త బ్యాటరీ మీద IS 16046 అని, దాని కింద R-తో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును BIS Care యాప్‌లో కొట్టి చూడొచ్చు. కొత్తది వేసేముందు ఆ డెలివరీ కుర్రాడి ఎదుటే కొట్టి చూపించాను. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ మార్చాను. ఇప్పుడతను బండి మీద వైరు తగిలించడం లేదు. మధ్యాహ్నం హోటల్ దగ్గర ఆర్డరు కోసం ఆగినప్పుడు, నీడలో, పౌచ్ తీసి ఛార్జింగ్ పెడుతున్నాడు.