దత్తత సెలవు అడిగేవారికి కొన్ని అనుభవ పాఠాలు

హైదరాబాదులో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. సెలవుల ఫైళ్లు చూడటమే నా ఉద్యోగం. ఇప్పటికీ బిడ్డను దత్తత తీసుకున్న అమ్మాయిలు దరఖాస్తు ఎలా రాయాలో అడగడానికి ఇంటికి వస్తుంటారు. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను. ఇదంతా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1972 నాటి సెలవు నిబంధనల సంగతి. రాష్ట్ర ప్రభుత్వాల ఉత్తర్వులు, ప్రైవేటు కంపెనీల లెక్క వేరు.

1. సెలవు బిడ్డ చేతికొచ్చిన రోజు నుంచే మొదలవుతుంది.

ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే. దరఖాస్తు పెట్టగానే సెక్షన్‌లో ‘దత్తత ఉత్తర్వు జతపరచండి’ అని రాసి వెనక్కి పంపుతారు. ఆ సమయానికి ఉత్తర్వు ఎవరి దగ్గరా ఉండదు. క్రమం ఎలా నడుస్తుందో చూడండి. కారా పోర్టల్‌లో బిడ్డ వివరాలు మీకు పంపిస్తారు. 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. తర్వాత శిశుగృహ లాంటి దత్తత సంస్థలో కమిటీ మిమ్మల్ని కలుస్తుంది. మీరు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాక, పది రోజుల్లోపు బిడ్డను మీకు అప్పగిస్తారు. దీన్ని ప్రీ అడాప్షన్ ఫాస్టర్ కేర్ అంటారు, అంటే చట్టప్రకారం దత్తత పూర్తికాకముందే బిడ్డ మీ ఇంట్లో పెరగడం. ఆ తర్వాతే ఫైలు జిల్లా కలెక్టరు దగ్గరికి వెళ్తుంది. పూర్వం కోర్టు ఇచ్చే ఉత్తర్వును 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. దరఖాస్తు అందాక రెండు నెలల్లో తేల్చాలని నిబంధన.

అంటే బిడ్డ ఇంటికి రావడానికీ, ఉత్తర్వు రావడానికీ మధ్య నెలలు గడుస్తాయి. ఆ నెలల్లోనే బిడ్డకు మనిషి కావాలి. అందుకే 43-బి నిబంధన ఫాస్టర్ కేర్‌లోకి తీసుకున్న వెంటనే 180 రోజుల సెలవు ఇవ్వవచ్చని చెబుతోంది. ఈ సెలవుకు పూర్తి జీతం ఉంటుంది, సెలవు ఖాతాలోంచి తగ్గించరు. ఒకవేళ దత్తత పూర్తికాకపోతే, వాడుకున్న రోజుల్ని మీ ఖాతాలోని మరో సెలవులోంచి తీసేస్తారు. అంటే కార్యాలయానికి వచ్చే నష్టమేమీ లేదు. ఈ మాట దరఖాస్తులో మీరే రాయండి. ఫైలు చూసే గుమాస్తాకు ఉండే భయం అదొక్కటే.

2. అడిగిన కాగితాలు ఇవ్వండి, బిడ్డ కథ ఇవ్వకండి.

మొదటి దరఖాస్తుకు మూడు కాగితాలు చాలు. మీరు సంతకం చేసిన ఫాస్టర్ కేర్ హామీపత్రం, బిడ్డను ఏ తేదీన అప్పగించారో చెప్పే దత్తత సంస్థ లేఖ, బిడ్డ పుట్టిన తేదీ తెలిపే ఆధారం. కలెక్టరు ఉత్తర్వు వచ్చాక దాని నకలు పంపి, ‘నా ఫలానా తేదీ దరఖాస్తుకు కొనసాగింపుగా’ అని ఒక లైను రాస్తే సరిపోతుంది.

చాలామంది చైల్డ్ స్టడీ రిపోర్టు, వైద్య పరీక్షల నివేదిక కూడా జతచేస్తారు. ఎన్ని కాగితాలుంటే అంత గట్టిగా ఉంటుందని వాళ్ల ఆలోచన. దయచేసి ఆ పని చేయకండి. బిడ్డను కన్నతల్లి ఎందుకు వదులుకుంది, ఎక్కడ దొరికింది, ఏ స్థితిలో దొరికింది అనే విషయాలు ఆ రిపోర్టులో ఉంటాయి. సెలవు ఫైలు నాలుగు టేబుళ్ల మీదుగా వెళ్లి రికార్డు రూంలో ఏళ్లతరబడి ఉంటుంది. ఆ సమాచారం బిడ్డది. పెద్దయ్యాక తను తెలుసుకోవాల్సినదాన్ని క్యాంటీన్‌లో ఎవరో ముందు తెలుసుకోవడం అన్యాయం. ఎవరైనా అడిగితే, సెలవు మంజూరుకు కావలసింది వయసు, అప్పగించిన తేదీ, చట్టబద్ధత మాత్రమేనని మర్యాదగా రాతపూర్వకంగా చెప్పండి.

బంధువుల బిడ్డను హిందూ దత్తత చట్టం ప్రకారం తీసుకుంటే కారా పత్రాలు ఉండవు. అప్పుడు రిజిస్టరు చేసిన దత్తత పత్రం పెట్టాలి. స్టాంపు కాగితం మీద నోటరీ ముద్ర వేయించి తెచ్చినవాళ్ల ఫైళ్లు తిరిగి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

3. ఏడాది వయసు గీత గురించి ముందే తెలుసుకోండి.

43-బి సెలవుకు బిడ్డ వయసు ఏడాదికి లోపు ఉండాలి. మీకు బతికివున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉండాలి. తల్లి స్వయంగా అప్పగించిన బిడ్డ విషయంలో ఆమె మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇస్తుంది. ఆ తర్వాతే బిడ్డను దత్తతకు అర్హురాలిగా ప్రకటిస్తారు. కాబట్టి ఎంత తొందరగా జరిగినా నెలలు నిండాకే బిడ్డ మీ చేతికి వస్తుంది.

నాలుగేళ్ల పాపను తెచ్చుకున్నవారికి ఈ 180 రోజులు రావు. నా దృష్టిలో ఈ నిబంధన మారాలి. ఉయ్యాలలో ఉన్న బిడ్డ ఎవరు ఎత్తుకున్నా నిద్రపోతుంది. సంస్థలో పెరిగిన నాలుగేళ్ల పిల్ల కొత్త ఇంట్లో అన్నం తినడానికే వారాలు పట్టొచ్చు, అమ్మ తలుపు దాటితే మళ్లీ రాదేమోనని వణికిపోతుంది. అలాంటి తల్లి చైల్డ్ కేర్ లీవు, అంటే సీసీఎల్ అడగాలి. సర్వీసు మొత్తం మీద 730 రోజులు, మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతావాటికి 80 శాతం. అయితే సీసీఎల్ హక్కుగా రాదు. ముందుగా మంజూరు కావాలి. అందుకే పాప రిజర్వు అయిన రోజే పై అధికారికి చెవిన వేయమంటాను.

4. దరఖాస్తులో తేదీలు మాట్లాడాలి.

ఒకమ్మాయి తెచ్చిన చిత్తుప్రతిలో ఒకటిన్నర పేజీ ఆమె ఎదురుచూసిన ఏళ్ల గురించే ఉంది. చదివితే కళ్లు చెమర్చాయి. కానీ మంజూరు చేసే అధికారి వెతికే నాలుగు విషయాలు అందులో ఎక్కడా లేవు. కూర్చుని తిరగరాశాం. ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా వరుస ఇదే:

‘అయ్యా, కారా ద్వారా దత్తత ప్రక్రియలో భాగంగా నాలుగు నెలల వయసున్న ఆడబిడ్డను జూన్ 10న ఫాస్టర్ కేర్‌లోకి తీసుకున్నాను. నాకు బతికివున్న వేరే పిల్లలు లేరు. 43-బి నిబంధన ప్రకారం జూన్ 10 నుంచి డిసెంబరు 6 వరకు 180 రోజుల దత్తత సెలవు, దానికి కొనసాగింపుగా డిసెంబరు 7 నుంచి జనవరి 5 వరకు 30 రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేయగోరుతున్నాను. కలెక్టరు ఉత్తర్వు అందగానే సమర్పిస్తాను. ఏ కారణం చేతనైనా దత్తత పూర్తికాకపోతే, వాడుకున్న సెలవును నా ఖాతాలోని ఇతర సెలవులో సర్దుబాటు చేయవచ్చు.’

ఆ కొనసాగింపు సెలవుకు కూడా లెక్క ఉంది. ఏడాదిలోంచి బిడ్డ వయసు తీసేస్తే మిగిలినంత కాలం దాకా, 180 రోజులకు అదనంగా, ఖాతాలో ఉన్న సెలవులు వాడుకోవచ్చు. ఈ పాప వయసు నాలుగు నెలలు కాబట్టి ఎనిమిది నెలల వరకు అడగొచ్చు. అందులో 60 రోజుల దాకా కమ్యూటెడ్ లీవు మెడికల్ సర్టిఫికెట్ లేకుండానే దొరుకుతుంది. ఆ అమ్మాయి నెల రోజులే అడిగింది. మిగిలిన ఈఎల్ పాపకు జ్వరమొస్తే కావాలంది. మంచి ఆలోచనే.

5. ‘మెల్లగా వస్తాను’ అనే మాటకు నిబంధనల్లో చోటు లేదు, దాన్ని ఉన్న సెలవులతోనే అల్లుకోవాలి.

మొదటి నెల సగం పూటలే పనిచేస్తానని చాలామంది రాస్తారు. సెలవు నిబంధనల్లో సగం పూట ఉద్యోగం అనే పద్ధతి లేదు. అధికారికి మనసున్నా ఏ నిబంధన కింద మంజూరు చేయాలో తెలియక ‘పరిశీలించలేము’ అని రాస్తాడు. కాబట్టి కోరిక అదే అయినా, అడిగే తీరు మార్చాలి.

ఆ అమ్మాయి జనవరి 6న చేరేలా తేదీ పెట్టడం వెనుక కారణం ఉంది. క్యాజువల్ లీవు క్యాలెండరు ఏడాదికి ఎనిమిది రోజులు. డిసెంబరులో చేరితే పాత ఏడాది సీఎల్ కొద్దిరోజుల్లోనే మురిగిపోతుంది. జనవరిలో చేరితే ఎనిమిదీ కొత్తగా వస్తాయి. సీఎల్‌ను సగం పూటలుగా వాడుకోవచ్చు, అంటే పదహారు పూటలు. సీసీఎల్ కూడా క్యాలెండరు ఏడాదికి మూడు విడతలు, ఒంటరి తల్లికి ఆరు. ఒక్కో విడత ఐదు రోజులకు తగ్గకూడదు. అవీ జనవరితో కొత్తగా మొదలవుతాయి.

దాంతో ఆమె రెండో దరఖాస్తు ఇలా తయారైంది. మొదటి నాలుగు వారాలు మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం నుంచి సగం పూట సీఎల్. దీనికి నాలుగు రోజుల సీఎల్ ఖర్చు. ఐదో వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా సీసీఎల్. ముందూ వెనకా శనాదివారాలు కలిపితే తొమ్మిది రోజులు పాప దగ్గరే. ఆరో వారం నుంచి పూర్తి పని. రెండో విడత సీసీఎల్ మార్చి తర్వాత, బిల్లుల హడావిడి అయ్యాక. తను లేని పూటల్లో టేబుల్ ఎవరు చూస్తారో, ఆ సహోద్యోగి ఒప్పుకున్నట్టు సంతకంతో సహా చివరి పేరాలో పెట్టింది. అధికారి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఒక జాగ్రత్త. సీఎల్‌ను ఈఎల్‌తో గానీ దత్తత సెలవుతో గానీ అతికించకూడదు. మధ్యలో చేరి, జాయినింగ్ రిపోర్టు ఇచ్చాకే సీఎల్. జనవరి 6న సగం పూట సీఎల్ పెట్టి మధ్యాహ్నం చేరతానంటే ఆ ఒక్క పూట మొత్తం ఫైలును తిరగదోడిస్తుంది.

6. తండ్రి సెలవును ముందే ఖర్చు చేయకండి.

భర్త కూడా కేంద్ర ఉద్యోగి అయితే 43-ఏఏ కింద ఆయనకు 15 రోజులు వస్తాయి. బిడ్డ వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వాడుకోవాలి. అందరూ మొదటి పక్షంలోనే వాడేస్తారు. అప్పుడు ఇంటినిండా అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటారు. పై లెక్కలో ఆరు నెలల గడువు డిసెంబరు మొదట్లో ముగుస్తుంది కనుక, నవంబరు చివరి పక్షంలో తీసుకోమన్నాను. ఆ పదిహేను రోజులూ పాపకు స్నానం, అన్నం, నిద్ర అన్నీ ఆయనే చూడాలి, ఆమె పక్క గదిలో ఉండాలి. జనవరిలో ఆమె ఆఫీసుకు వెళ్లేనాటికి పాపకు నాన్న చెయ్యి అలవాటై ఉంటుంది.

7. రెండేళ్ల పాటు సంస్థవాళ్లు వస్తూనే ఉంటారు.

బిడ్డను ఫాస్టర్ కేర్‌లో అప్పగించిన రోజు నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డ ఎలా ఉందో నివేదిక రాస్తారు. వాళ్లు పనిదినాల్లోనే వస్తారు. తేదీ తెలియగానే సెక్షన్‌లో చెప్పి, ఆ రోజుకని ఒక సీఎల్ పక్కన పెట్టుకోండి. పదహారు పూటలూ మార్చిలోపే అయిపోతే ఆ రోజు ఈఎల్ అడగాల్సి వస్తుంది, ఒక్కరోజు ఈఎల్ కోసం మళ్లీ ఫైలు కదపాలి.