ఊనిక ఎక్కడ పడాలి? - ఉద్యోగంలో మాట్లాడే ఇంగ్లీషు గురించి ఒక పాఠం

మా బడిలో చదువుకున్న ఒక అబ్బాయి బి.కాం. పూర్తి చేసి, విదేశాలకు సరుకు పంపే ఒక ఆఫీసులో చేరాడు. రోజూ అమెరికా ఖాతాదారులతో ఫోనులో మాట్లాడాలి. మూడు నెలలు తిరక్కుండానే ఒక సాయంత్రం దిగులుగా మా ఇంటికి వచ్చాడు. "సార్, సోమవారం రిపోర్టు పంపగలనని చెప్పాను. పంపలేనన్నానని ఆ ఖాతాదారు మా మేనేజరుకు ఫిర్యాదు చేశాడు. ఇలా రెండోసారి. నన్ను ఫోను పని నుంచి తీసేస్తారేమో" అన్నాడు.

ఆ వాక్యం నా ముందు చెప్పమన్నాను. "ఐ క్యాన్ సెండ్ ద రిపోర్ట్ ఆన్ మండే" అన్నాడు. వ్యాకరణం తప్పులేదు. తడబాటు లేదు. ప్రతి మాటనూ సమానంగా, నిండుగా పలికాడు. చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగులో ప్రతి అచ్చుకూ దాని పూర్తి విలువ ఇస్తాం. 'కల' అంటే ఒకటి, 'కాల' అంటే మరొకటి. ఛందస్సులో లఘువు, గురువు అని లెక్కపెట్టేది కూడా అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని బట్టే. ఏదైనా ఒక అక్షరాన్ని నొక్కి పలికినంత మాత్రాన మన మాటకు అర్థం మారదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన పిల్లలకు కూడా నొక్కు మార్చి అర్థం మార్చే అలవాటు లేదు. ఇంగ్లీషు అలా కాదు. ఒకటికంటే ఎక్కువ ముక్కలున్న ప్రతి మాటలోనూ ఒక ముక్క మీద బలం పడుతుంది. అది కాస్త పొడవుగా, కాస్త పైస్వరంలో, స్పష్టంగా వినిపిస్తుంది. దీన్నే ఊనిక అంటాం. మిగిలిన ముక్కలు చిన్నబోతాయి. వాటిలోని అచ్చులు చాలాసార్లు నీరసమైన ఒక చిన్న 'అ'గా మారిపోతాయి. ఇంగ్లీషు వినేవాడి చెవి ముందుగా ఊనిక పడ్డ ముక్కను పట్టుకుని, దాన్నిబట్టి మాటను పోల్చుకుంటుంది.

ఊనిక పడే ముక్కకు ముందు నిఘంటువుల్లో చిన్న నిలువు గీత పెడతారు. నేనూ ఇక్కడ అదే పద్ధతి పాటిస్తాను. ఇంటర్వ్యూల్లో తరచుగా వచ్చే ఒక మాటను చూడండి. జీవనవృత్తి అనే అర్థంలో వాడే మాట క-ˈరీర్. బలం రెండో ముక్క మీద ఉంది. మన పిల్లలు బలాన్ని మొదటి ముక్క మీద వేసి "ˈక్యారియర్" అంటారు. అది మోసుకెళ్లే వస్తువు పేరు. అకౌంట్స్‌లో స్థిరపడాలని అబ్బాయి చెబుతుంటే, వినేవారికి టిఫిన్ క్యారియర్ గుర్తొస్తుంది. అలాగే మనం "ˈడెవలప్" అనే మాట నిజానికి డి-ˈవె-లప్. "ˈహోటల్" అనేది హో-ˈటెల్.

ఏ మాటలో ఊనిక ఎక్కడ ఉందో స్పెల్లింగు చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు. కొత్త మాట నేర్చుకున్నప్పుడే నిఘంటువులో గీత ఎక్కడుందో చూసుకోవాలి. కాని బాగా పనికొచ్చే సూత్రం ఒకటుంది. 'షన్' అని ముగిసే మాటల్లో ఊనిక ఆ 'షన్'కు ముందున్న ముక్క మీద పడుతుంది. అప్లి-ˈకే-షన్, ఇన్ఫ-ˈమే-షన్, ప్ర-ˈమో-షన్. ఆఫీసు మాటల్లో ఇలాంటివి చాలా ఉంటాయి కాబట్టి ఈ ఒక్క సూత్రంతోనే ఎన్నో మాటలు చక్కబడతాయి.

ఇక వాక్యం సంగతి. మాటలో ఒక ముక్క మీద బలం పడ్డట్టే, వాక్యంలో కొన్ని మాటల మీదే బలం పడుతుంది. వస్తువు పేరు, చేసే పని, గుణం, 'కాదు, లేదు' అనే నిషేధం - ఇవి బలమైనవి. ద, ఆఫ్, టు, విల్, కెన్ వంటి చిన్న మాటలు వాటి మధ్య ఒదిగి త్వరగా వెళ్లిపోతాయి. ఈ నాలుగు వాక్యాలను బల్ల మీద వేళ్లతో తడుతూ చెప్పి చూడండి.

స్టాఫ్ చెక్ బిల్స్.
ద స్టాఫ్ చెక్ ద బిల్స్.
ద స్టాఫ్ విల్ చెక్ ద బిల్స్.
ద స్టాఫ్ విల్ బి చెకింగ్ ద బిల్స్.

మాటలు పెరిగినా దెబ్బలు మూడే: స్టాఫ్, చెక్, బిల్స్. యంత్రంతో కొలిస్తే ఈ దెబ్బల మధ్య కాలం సరిగ్గా సమానంగా ఉండదు. కాని సాధనకు ఈ తాళం బాగా ఉపయోగపడుతుంది. నాలుగో వాక్యానికి మీ వేళ్లు ఐదారు దెబ్బలు వేస్తే, చిన్న మాటలను తెలుగు పద్ధతిలో నిండుగా పలుకుతున్నారన్నమాట.

ఇప్పుడు మా అబ్బాయి వాక్యానికి వద్దాం. 'పంపగలను' అనేటప్పుడు 'కెన్' బలహీనమైన మాట. అది దాదాపు "కన్" అయిపోవాలి. ఐ కన్ ˈసెండ్ ద రి-ˈపోర్ట్ ఆన్ ˈమన్‌డే. దెబ్బలు మూడు. 'పంపలేను' అనేటప్పుడు నిషేధం ఉంది కాబట్టి ఆ మాట మీద కూడా బలం పడుతుంది. ఐ ˈక్యాంట్ ˈసెండ్ ద రి-ˈపోర్ట్ ఆన్ ˈమన్‌డే. దెబ్బలు నాలుగు. అమెరికన్లు ఆ చివరి 'ట్'ను చాలాసార్లు పైకి వినబడనివ్వరు. కాబట్టి వాళ్ల చెవి 'ట్' కోసం చూడదు, బలం కోసం చూస్తుంది. మా అబ్బాయి "క్యాన్" అని నిండుగా పలికేసరికి అవతలివాడికి నిషేధం వినబడింది. అతను "లేదు సార్, ఐ క్యాన్, ఐ క్యాన్" అని ఇంకా గట్టిగా చెప్పినకొద్దీ అనుమానం పెరిగింది.

ఒక జాగ్రత్త ఉంది. వాక్యం చివర వచ్చే 'కెన్' నిండుగానే ఉండాలి. "యస్, ఐ క్యాన్" అనేటప్పుడు దాన్ని కుదించకూడదు.

ఊనికతో తీరని చిక్కులూ ఉన్నాయి. పదమూడును విడిగా పలికితే థర్-ˈటీన్, ముప్పై ˈథర్-టీ. తేడా తెలుస్తుంది. కాని "థర్టీన్ బాక్సెస్" అన్నప్పుడు, తర్వాతి మాటలో బలం వెంటనే రావడం వల్ల, పదమూడులోని ఊనిక కూడా మొదటి ముక్కకు జరిగిపోతుంది. అప్పుడు రెండూ ఒకేలా వినిపించవచ్చు. అందుకే సరుకు లెక్కలోనూ డబ్బు లెక్కలోనూ అంకెలు విడదీసి, "థర్టీన్, వన్ త్రీ" అని చెప్పడమే క్షేమం.

ఆ అబ్బాయికి నేనిచ్చిన పని చిన్నదే. ఆఫీసులో రోజూ చెప్పే పది వాక్యాలు రాసుకోమన్నాను. బలమైన మాటల కింద గీత గీసి, ముందు ఆ మాటలను మాత్రమే తాళంతో చెప్పమన్నాను. తాళం కుదిరాక మధ్యలో చిన్న మాటలను చేర్చాలి, దెబ్బల సంఖ్య మాత్రం పెరగకూడదు. తర్వాత ఫోనులో రికార్డు చేసుకుని, కాగితం చూడకుండా వినాలి. గీత గీసిన మాటలే చెవికి ముందు తగిలితే వాక్యం కుదిరినట్టు. మొదటి వారం 'కెన్' మళ్లీ మళ్లీ నిండుగా వచ్చేసింది. మూడో వారానికి వాక్యాల్లో ఒదిగింది. అతని యాస మారలేదు, మారాల్సిన అవసరమూ లేదు. ఫోను పని మాత్రం అతని చేతిలోనే ఉంది.

మీ ఇంట్లోనో దుకాణంలోనో ఇలాంటి కుర్రవాడు ఉంటే ఒకటి గమనించండి. అవతలివారు ఒకే మాట దగ్గర మళ్లీ మళ్లీ "సారీ?" అంటుంటే, గొంతు పెంచమని చెప్పకండి. ఆ మాటలో బలం ఏ ముక్క మీద పడుతోందో చూసుకోమనండి.