దాళ్వా వరి స్థానంలో మినుము: డిప్లొమా విద్యార్థులకు ఆరు ప్రశ్నలు

గోదావరి డెల్టాలో సార్వా కోతలు మొదలయ్యేసరికి ధాన్యం వర్తకులు, అపరాల వర్తకులు ఒకే విషయం ఆరా తీస్తారు. ఈ యేడు దాళ్వా వరికి ఎన్ని ఎకరాలు పోతుంది, మినుముకు ఎన్ని మిగులుతుంది? వ్యవసాయ డిప్లొమా విద్యార్థులు పంట మార్పిడిపై తయారుచేసే ప్రసంగాలకు కూడా ఇదే ముడిసరుకు. అయితే చాలా ప్రసంగాలు "పప్పుజాతి పంట నేలకు బలం, రైతులకు అవగాహన లేదు" అన్న రెండు మాటలతో ముగుస్తాయి. ఆ రెండు మాటలూ పరీక్షకు నిలబడతాయా? ప్రసంగం ముగిశాక అడగదగిన ఆరు ప్రశ్నలు, వాటి సమాధానాల తీరు ఈ దిగువ యివ్వబడినవి.

1. మార్పిడి అంటే ఇక్కడ దేనికి బదులు ఏది?

ధవళేశ్వరం ఆనకట్ట 1852 లో పూర్తయిన నాటి నుంచి ఉభయ గోదావరి జిల్లాల డెల్టా వరి దేశమే. జూన్, జూలైలలో సార్వా మొదలై నవంబరు, డిసెంబరులలో కోతకు వస్తుంది. ఆ వెంటనే దాళ్వా నాటితే ఏప్రిల్‌లో కోత. తరువాత కాలువలు కట్టివేస్తారు. సార్వాలో చేలు మునిగే ఈ బరువు నేలల్లో వరి తప్ప వేరొకటి నిలవదు. కనుక మార్చగలిగింది దాళ్వా ఒక్కటే. సార్వాకు బదులు వేరే పంట సూచించిన విద్యార్థి డెల్టాను చూడనట్లే లెక్క.

కృష్ణా డెల్టాలో రెండో కారుకు నీరు రాని చోట వరి తరువాత మినుము ఎన్నడో స్థిరపడింది. గోదావరి కింద నీరు వున్నంత కాలం దాళ్వాదే పైచేయి. నది తగ్గిన యేడు సీలేరు నుంచి వచ్చే నీటి మీద ఆధారపడవలసి వస్తుంది. అప్పుడే శివారు భూముల్లో అపరాల మాట వినిపిస్తుంది. అంటే మినుము విస్తీర్ణం రైతు ఇష్టం కంటే కాలువ నీటిని బట్టి నడుస్తున్నదని గ్రహించాలి.

2. మినుము నేలలో ఎంత నత్రజని మిగులుస్తుంది?

ఇక్కడ లెక్క వేయించాలి. ఎకరాకు 5 క్వింటాళ్ల మినుము పండిందనుకుందాం. గింజలో మాంసకృత్తులు నూటికి 24 పాళ్లు. అంటే 120 కిలోలు. మాంసకృత్తులను 6.25 తో భాగిస్తే నత్రజని వస్తుంది. ఇది సుమారు 19 కిలోలు. ఇంత నత్రజని గింజతో పాటు బస్తాల్లోకి ఎక్కి మార్కెట్టుకు పోతుంది. వేరు బుడిపెలు గాలి నుంచి పట్టిన నత్రజనిలో ఈ 19 కిలోలు పోగా మిగిలినదే నేలకు లాభం. పొట్టు, కట్టె కూడా పశువులకు తోలుకుపోతే లాభం మరీ తగ్గుతుంది. ఆకు రాలి, వేళ్లు అక్కడే కుళ్లితే కొంత నిలుస్తుంది.

బుడిపెలు పనిచేస్తున్నాయో లేదో కూడా చూడాలి. విత్తిన 30, 35 రోజులకు నాలుగైదు మొక్కలు మట్టితో సహా పెళ్లగించి, కడిగి, బుడిపెను గోటితో చీల్చాలి. లోపల గులాబీ రంగు వుంటే పని జరుగుతున్నది. తెల్లగానో ఆకుపచ్చగానో వుంటే లేదు. మడిలో నీరు నిలిస్తే గాలి ఆడక బుడిపెలు చచ్చిపోతాయి.

3. నేల ఆరోగ్యం బాగుపడిందని ఎలా చెబుతావు?

"సేంద్రియ కర్బనం పెరుగుతుంది" అనేది సామాన్యంగా వచ్చే జవాబు. ఇది జాగ్రత్తగా వాడవలసిన మాట. నీట మునిగివుండే నేలలో గాలి లేనందున సేంద్రియ పదార్థం నెమ్మదిగా కుళ్లుతుంది. వరి మీద వరి వేసిన మడిలో కర్బనం తగ్గకపోవచ్చు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దీర్ఘకాల ప్రయోగాలలో కర్బనం నిలిచివున్నా, నేల నుంచి పైరుకు అందే నత్రజని తగ్గడం గమనించారు. కనుక కర్బనం అంకె ఒక్కటే చూపి దాళ్వా నేలను పాడుచేసిందనడం గానీ, బాగుచేసిందనడం గానీ చెల్లదు.

చూడవలసినవి వేరే వున్నాయి. యేటా రెండు సార్లు దమ్ము చేస్తే అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. తేమగా వున్న నేలలో ఇనుప చువ్వ దించితే అది ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. పెళ్లగించిన వరి మొక్క వేళ్లు నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తే నేలకు ఆరుదల చాలలేదని అర్థం. నాటిన రెండు మూడు వారాలకు ఆకులపై తుప్పు మచ్చలు వస్తే జింకు లోపాన్ని అనుమానించాలి. మినుము వేసిన మడి నాలుగైదు నెలలు గాలి పీల్చుకుని, ఆరి, బీటలు తీస్తుంది. దాని మేలు ప్రధానంగా ఇదే.

పోలిక సరిగా వుండాలంటే పక్కపక్కనే వున్న రెండు మళ్లు, ఒకటి దాళ్వాది, మరొకటి మినుముది, ఎంచుకోవాలి. సార్వా దమ్ముకు ముందు, ఒకే నెలలో, ఒకే లోతు నుంచి మట్టి తీయాలి. ఒక్క యేడు ఫలితం చాలదు. మూడేళ్లు చూడాలి.

4. రైతు పద్దులో ఏది నిలుస్తుంది?

ఇది వాణిజ్య పుట పాఠకులకు, విద్యార్థులకు ఇద్దరికీ ముఖ్యమైన ప్రశ్న. 2024-25 మద్దతు ధరలు సాధారణ రకం ధాన్యానికి క్వింటాల్ 2,300 రూపాయలు, మినుముకు 7,400 రూపాయలు. దిగుబడి, ఖర్చు పాఠం కోసం అనుకున్నవి. విద్యార్థి తన ఊరి అంకెలు వేసుకోవాలి.

దాళ్వాలో ఎకరాకు 75 కిలోల బస్తాలు 40, అంటే 30 క్వింటాళ్లు. రాబడి 69,000. ఖర్చు 42,000 అనుకుంటే మిగులు 27,000. మినుము 5 క్వింటాళ్లకు రాబడి 37,000. ఖర్చు 15,000 పోగా మిగులు 22,000. తేడా 5,000 మాత్రమే. పెట్టుబడి, నీరు, శ్రమ చూస్తే మినుము మేలనిపిస్తుంది.

కాని పల్లాకు తెగులు వచ్చి పంట సగమైతే రాబడి 18,500, మిగులు 3,500 కు పడిపోతుంది. మూడేళ్లలో ఒక్క యేడు ఇలా జరిగితే సగటు మిగులు సుమారు 15,800 మాత్రమే. రైతు తూచేది మంచి యేటి అంకెను కాదు, ఈ సగటును. అదీ గాక, ధాన్యం ప్రభుత్వ కొనుగోలు కేంద్రానికి చేరే దారి వుంది. మినుము ఎక్కువగా వర్తకుడి ధరకే పోతుంది. ఆ ధర బర్మా సరుకు రాకను బట్టి కూడా మారుతుంది. 2021 మే నెలలో మినుము దిగుమతిపై పరిమితి తొలగించారు.

మరి నేలకు మిగిలిన నత్రజని విలువ? 45 కిలోల యూరియా బస్తా రైతుకు సుమారు 270 రూపాయలకే దొరుకుతుంది. ఒక బస్తా పూర్తిగా ఆదా అయినా పద్దులో చేరేది అంతే. నేల లాభం నిజమే కావచ్చు, రాయితీ ధర వల్ల అది రైతు కంటికి ఆనదు. "అవగాహన లేదు" అనేముందు విద్యార్థి ఈ లెక్క చూడాలి.

5. ఒక్క రైతు ఒంటరిగా మారగలడా?

చాలా చోట్ల మారలేడు. డెల్టాలో అనేక మళ్లకు ప్రత్యేకంగా బోదె లేదు. నీరు ఒక మడి నుంచి మరో మడిలోకి దిగుతుంది. చుట్టూ దాళ్వా వేసి, మధ్య ఒక రైతు మినుము వేస్తే గట్ల నుంచి ఊట దిగి పైరు పచ్చబడి చస్తుంది. దిగువ రైతుకు నీరు పోవడానికి దారి కూడా అతడి మడిలోంచే. కనుక ఒక బోదె కింద వున్నవారందరూ కలిసి మారాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు ధర, కూలీ, మురుగు సమస్యలపై నిరసనగా కలిసికట్టుగా వేలాది ఎకరాలు సాగు మానివేశారు. అది పంట మార్పిడి కాదు. అయితే ఊళ్లకు ఊళ్లు ఒకే నిర్ణయం తీసుకోగలవని అది చూపింది.

కౌలు సంగతీ అడగాలి. 2019 చట్టం కింద సాగు ఒప్పందం గడువు 11 నెలలు. నేల బాగుపడేది మూడేళ్లకైతే ఆ ఫలం అనుభవించేది కౌలుదారో, భూస్వామో, మరో కౌలుదారో చెప్పలేము.

6. చేలో ఎక్కడ దెబ్బ తింటుంది?

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తేమ వుండగానే, ఎకరాకు 16 కిలోల విత్తనం నిలిచివున్న చేలో వెదజల్లడం పాత పద్ధతి. కొడవలితో కోసినంత కాలం ఇది సాగింది. కోత యంత్రం వచ్చాక చిక్కు వచ్చింది. దాని చక్రాల కింద మొలక నలుగుతుంది, అది వదిలిన గడ్డి వరుసల కింద మొలక పైకి రాదు. యంత్రం వెళ్లేదాకా ఆగితే తేమ తగ్గి మొలక పలచనవుతుంది. నవంబరు, డిసెంబరు తుపాను కోతను వెనక్కు నెడితే విత్తడం కూడా ఆలస్యమవుతుంది.

పల్లాకు తెగులును తెల్లదోమ మోస్తుంది. పేరున్న ఎల్బీజీ 752 రకం ఈ తెగులుకు లొంగిపోతుంది. పీయూ 31, జీబీజీ 1, టీబీజీ 104 వంటివి తట్టుకుంటాయి. విత్తనానికి మందు పట్టించడం, తొలి దశలో పసుపు మచ్చల మొక్కలను పీకివేయడం తప్పనిసరి. వరి దుబ్బుల మధ్య ఊద, మినుము మీద అల్లుకునే బంగారు తీగ కూడా దిగుబడిని తినివేస్తాయి.

అభ్యాసం

దాళ్వా దిగుబడి 36 బస్తాలు, ధర క్వింటాల్ 2,300, ఖర్చు 42,000. మినుము 4 క్వింటాళ్లు, ధర 6,500, ఖర్చు 14,000. రెండింటి మిగులు ఎంత? మినుము దాళ్వాతో సమానం కావాలంటే ఎన్ని క్వింటాళ్లు పండాలి?

జవాబు: దాళ్వా మిగులు 20,100. మినుము మిగులు 12,000. సమానం కావడానికి ఎకరాకు సుమారు 5.25 క్వింటాళ్లు పండాలి. ఆ దిగుబడి తన ఊరిలో గత ఐదేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో కనుక్కుని విద్యార్థి ప్రసంగంలో చేర్చాలి.