కందిపప్పు ఎప్పుడు తెప్పించాలి?

మొన్న వేసవి సెలవుల్లో నాన్నకు కంటి ఆపరేషన్ అయింది. పది రోజులు దుమ్ములోకి రాకూడదన్నారు. దాంతో మా కిరాణా కొట్టు నా చేతికొచ్చింది. చిన్నదే, నూటయాభై రకాల సరుకు ఉంటుంది. ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో నాన్న తలలో ఉంటుంది తప్ప ఎక్కడా రాసి ఉండదు. నేను కంప్యూటర్ బ్రాంచి వాణ్ణి కదా, మొదటి రాత్రే ల్యాప్‌టాప్ తీసి ఎక్సెల్‌లో పట్టిక మొదలుపెట్టాను. సరుకు పేరు, నిల్వ, రీఆర్డర్ లెవెల్, చివర్లో ఒక గుర్తు. నిల్వ ఆ లెవెల్‌కి దిగగానే "తెప్పించాలి" అని రావాలి. అంతే.

రీఆర్డర్ లెవెల్ అన్నిటికీ 10 అని పెట్టేశాను. మర్నాటికే అది ఎంత తెలివితక్కువ పనో తెలిసింది. నెలకు నాలుగు పోయే యాలకుల ప్యాకెట్లు తొమ్మిది ఉంటే ఎర్రగా మెరుస్తోంది. బియ్యం పదకొండు కిలోలు ఉంటే ఏమీ అనడం లేదు, అవి పొద్దున్న పది గంటలకల్లా ఖాళీ. అంటే ఆ అంకె సరుకు సరుకుకీ వేరుగా ఉండాలి, అదీ ఒక లెక్క మీద రావాలి. రోజుకు ఎంత పోతుంది, ఫోన్ చేశాక సరుకు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, ఈ రెండూ గుణించి కాస్త జాగ్రత్త నిల్వ కలపాలి.

కందిపప్పుకి ఆ లెక్క వేశాను. అమ్మకం పుస్తకంలో 14 రోజులు కూడితే 56 కిలోలు తేలింది, అంటే రోజుకు 4. ఫోన్ చేస్తే రెండ్రోజుల్లో వస్తుందని అమ్మ చెప్పింది. నాలుగు రెళ్లు ఎనిమిది, ఒక రోజు అమ్మకం జాగ్రత్తకి, మొత్తం 12. గురువారం ఆఖరి బస్తా విప్పాను. ఆదివారం రాత్రి 15 కిలోలు ఉంది, గుర్తు రాలేదు. సోమవారం రాత్రి 11కి దిగింది, గుర్తు వచ్చింది. మంగళవారం పొద్దున్నే హోల్‌సేల్ షాపుకి ఫోన్ కొట్టాను.

"బండి లోడైపోయింది బాబూ. మీ ఊరి వైపు మళ్లీ శుక్రవారమే" అన్నాడు గుమాస్తా.

మంగళవారం సాయంత్రానికి 7, బుధవారానికి 3. గురువారం మధ్యాహ్నం డబ్బా అడుగు తేలింది. ఆ సాయంత్రమే మా వీధి టీచరుగారు నెల సరుకుల చీటీ పట్టుకుని వచ్చారు. చీటీలో రెండో వరస కందిపప్పు. "అయితే మొత్తం అక్కడే తీసుకుంటాలే బాబూ, రెండు చోట్లెందుకు తిరగడం" అని చీటీ మడిచి ఎదురు కొట్టుకి వెళ్లిపోయారు. ఇంట్లో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పడుకున్న నాన్నకి చెప్పాను. "పప్పు అయిపోతే పప్పు ఒక్కటే పోదురా, చీటీ మొత్తం పోద్ది" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

తప్పు గుణకారంలో లేదు, "రెండు రోజులు" అన్న అంకెలో ఉంది. బండి వచ్చేది మంగళవారం, శుక్రవారం మాత్రమే. మంగళవారం బండికి సోమవారం మధ్యాహ్నంలోపు చెప్పాలి, శుక్రవారం బండికి గురువారం మధ్యాహ్నంలోపు. ఇప్పుడు ఆలోచించండి. గురువారం పట్టిక చూశాను, గుర్తు లేదు, చెప్పలేదు. తర్వాత చెప్పే అవకాశం సోమవారం, సరుకు దిగేది మంగళవారం. అంటే గురువారం మధ్యాహ్నం ఉన్న నిల్వ ఐదు రోజులు లాగాలి. సోమవారం వదిలేస్తే శుక్రవారం దాకా నాలుగు రోజులు. రెంటిలో పెద్దదే పట్టుకోవాలి. నాలుగైదులు ఇరవై, జాగ్రత్తకి 4, మొత్తం 24. సరిచూసుకుందాం: గురువారం మధ్యాహ్నం 25 ఉంటే గుర్తు రాదు, మంగళవారం దాకా 20 పోతుంది, 5 మిగులుతుంది. సరిపోయింది. నా 12 దాంట్లో సగం! కొట్లో రోజూ చూస్తున్నా, చెప్పడానికి వీలయ్యేది వారానికి రెండుసార్లే అన్నది నేను పట్టించుకోలేదు.

అప్పుడు పట్టిక ఇలా మార్చాను. A సరుకు, B కొలత, C నిల్వ, D చెప్పి ఇంకా రానిది, E రోజు అమ్మకం, F రోజులు, G జాగ్రత్త నిల్వ, H రీఆర్డర్ లెవెల్, I గుర్తు.

```
H2:  =E2*F2+G2
I2:  =IF(C2+D2<=H2,"తెప్పించాలి","")
```

D ఎందుకొచ్చిందో చెప్పాలి. మొదట అది లేదు. పంచదారకి గుర్తు వస్తే నేను ఫోన్ చేశాను. సరుకు రాలేదు కాబట్టి గుర్తు పోలేదు. అది చూసి అమ్మ కూడా ఫోన్ చేసింది. శుక్రవారం రెండు బస్తాలు దిగాయి, రెంటికీ డబ్బు కట్టాల్సొచ్చింది. ఇప్పుడు ఫోన్ పెట్టెయ్యగానే D లో అంకె వేస్తాం, గుర్తు ఆరిపోతుంది. సరుకు దిగాక ఆ అంకె తీసేసి C లో కలపాలి. తీయడం మరిచిపోతే ఇంకా ప్రమాదం: రాని 30 కిలోలు ఉన్నట్టే లెక్కపడి గుర్తు ఎప్పటికీ వెలగదు. హోల్‌సేల్ వాడు "ఈసారి లేదు" అన్నా అదే గొడవ. అందుకని బండి వచ్చి వెళ్లిన సాయంత్రం D నిలువు వరస పైనుంచి కిందికి చూస్తాను. అప్పటికీ అంకె మిగిలి ఉంటే, సరుకు రాలేదనో నేను తీయలేదనో అర్థం.

ఇంకో దొంగదెబ్బ కొలతల దగ్గర తగిలింది. తమ్ముడు నిల్వ గడిలో "6 కేజీ" అని కొట్టాడు. ఎక్సెల్‌కి అది అంకె కాదు, అక్షరాలు. నా మొదటి సూత్రం `C2<=H2` మాత్రమే. పోల్చేటప్పుడు ఎక్సెల్ అక్షరాలను ఏ అంకె కన్నా పెద్దవిగానే లెక్కేస్తుంది కాబట్టి మినప్పప్పు అడుగంటుతున్నా కిక్కురుమనలేదు. ఇప్పుడు C2+D2 అని కూడిక ఉంది కాబట్టి అలా కొడితే `#VALUE!` అని అరుస్తుంది. ఆ అరుపు నాకిష్టం. కొలత B లో ఉంది, C లో ఉత్త అంకే. బస్తాల్లో కొని కిలోల్లో అమ్మేవన్నీ కిలోల్లోనే రాయాలి.

ఈ పట్టికకి తెలియనిది పండగ. సంక్రాంతి ముందు నువ్వులు, బెల్లం రోజుకు ఎంత పోతాయో మామూలు రోజుల సగటు చెప్పదు. పోయినేడాది ఆ వారాల పుస్తకం చూసి E ని చేత్తో మార్చాలి, పండగ వెళ్లగానే మళ్లీ దించాలి. దించకపోతే వేసవి దాకా బెల్లం కరుగుతూ కూర్చుంటుంది.

నాన్న కొట్టుకొచ్చిన రోజు పట్టిక చూపించాను. కందిపప్పు వరస దగ్గర ఆగి, "24 ఏంట్రా?" అన్నాడు. లెక్కంతా చెప్పాను.

"నేను ఆఖరి బస్తా మూతి విప్పినప్పుడు ఫోన్ చేస్తా" అన్నాడు.

బస్తా 30 కిలోలు. అంటే పాతికేళ్లుగా ఆయన రీఆర్డర్ లెవెల్ 30! బస్తా మూతి విప్పడమే ఆయన గుర్తు. ఆ గురువారం ఆ మూతి విప్పింది నేనే, ఆయనైతే అప్పుడే ఫోన్ చేసేవాడు. బస్తాల్లో వచ్చే పదీ పన్నెండు సరుకులకి ఇప్పటికీ ఆయన పద్ధతే. డబ్బాల్లో, ప్యాకెట్లలో ఉండే మిగతావాటికి నా పట్టిక. సోమవారం, గురువారం పదకొండు గంటలకి అమ్మ ఫోన్లో అది తెరిచి చదువుతుంది, నాన్న హోల్‌సేల్ వాడికి చెబుతాడు. టీచరుగారు పోయిన నెల మళ్లీ వచ్చారట, చీటీతో కాదు, అగ్గిపెట్టెకి.