నాన్నగారు పోయిన స్నేహితుడికి

చిరంజీవి చిన్నాకి,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన పెద్దకర్మ కార్డు ఫొటో, దానితోపాటు పంపిన ఉత్తరం చిత్తుప్రతి రెండూ చూశాను. "కార్డులో ఏమీ లేదు బాబాయ్, దీన్ని పట్టుకుని ఏం రాయను?" అన్నావు. నిజమే, ఉన్నది తక్కువే. దండ వేసిన ఫొటో, పేరు, పేరు కింద విశ్రాంత ప్రధానోపాధ్యాయులు అన్న మాట, 9వ తేదీన స్వర్గస్థులయ్యారని, 19న పెద్దకర్మ అని, తెనాలి దగ్గర వాళ్ళ ఊరు, అడుగున దుఃఖతప్తుల పేర్లు. ఆయన వయసెంతో లేదు. ఏమై పోయారో లేదు.

నీ చిత్తుప్రతిలో మొదటి వాక్యం "మీ నాన్నగారి మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను", చివరి వాక్యం "మీ కుటుంబ సభ్యులకు నా ప్రగాఢ సానుభూతి". ఇవి మంత్రులు పేపర్లకిచ్చే ప్రకటనల్లో మాటలు. నీ స్నేహితుడితో ఒకే గదిలో ఉన్నవాడివి, ఏనాడైనా వాణ్ణి "మీ కుటుంబ సభ్యులు" అని పలకరించావా? వాణ్ణి ఒరేయ్ అనే పిలుస్తావు కదా, ఉత్తరంలోనూ అలాగే పిలువు. మధ్యలో "నిండు జీవితం గడిపిన మహనీయులు" అని కూడా రాశావు. వయసు తెలియకుండా నిండు జీవితమని ఎలా అంటావు? తెలిసినా అనకు. ఎనభై ఏళ్ళకు పోయినా కొడుక్కి అది నిండినట్టు ఉండదు.

ఇక కార్డును నిదానంగా చదువుదాం. దుఃఖతప్తుల్లో మొదటి పేరు వాళ్ళమ్మగారిది. దాని ముందు శ్రీమతి అని ఉంది గాని కీ.శే. లేదు. అంటే ఆవిడ ఉన్నారు. ఇది రూఢి చేసుకోకుండా "అమ్మను జాగ్రత్తగా చూసుకో" అని రాసేవాళ్ళున్నారు. తల్లి ముందే పోయిన ఇంట్లో ఆ ఒక్క వాక్యం ఎంత కోత పెడుతుందో ఆలోచించు. కొడుకుల్లో నీ స్నేహితుడిది రెండో పేరు. కాబట్టి కర్మ చేస్తున్నది బహుశా వాళ్ళ అన్నయ్య. అయినా ఈ పదకొండు రోజులూ వచ్చేపోయేవాళ్ళ మధ్య వాడికి ఫోన్ చూసే తీరిక ఉండదు. నీ మెసేజ్‌కి జవాబు రాలేదని మనసులో పెట్టుకోకు.

స్వర్గస్థులయ్యారు, పెద్దకర్మ అని వాళ్ళు రాసుకున్నారు కనుక ఆత్మకు శాంతి అన్న మాట వాళ్ళింట్లో చెల్లుతుంది. అన్ని ఇళ్ళలో చెల్లదు. ప్రభువునందు నిద్రించారు అని, ఆదరణ కూడిక అని ఉంటే ఆ ఇంటివాళ్ళ నమ్మకం వేరు, ఓదార్చే మాట వేరు. కార్డు మీద ఆ ఇంటివాళ్ళు ఏ మాట వాడుకున్నారో నువ్వూ ఆ మాటే వాడు. పోయినదానికి కారణం కార్డులో వెయ్యలేదు కాబట్టి నువ్వు అడగొద్దు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ వాడు అదే కథ మొదటినుంచీ చెబుతూ ఉండి ఉంటాడు. చెప్పాలనిపించిన రోజున వాడే చెబుతాడు.

కార్డు ఇచ్చేది ఇంతవరకే. మిగతాది నీ దగ్గరే ఉంది. మొన్న ఫోన్లో మాటల మధ్య ఒక సంగతి చెప్పావు, గుర్తుందా? మీరు హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆయన కంటి ఆపరేషన్‌కి వచ్చి మీ గదిలో ఉన్నారనీ, మీరు ఆఫీసులకు వెళ్ళి వచ్చేసరికి మూల పడేసిన పాత పేపర్లన్నీ తారీఖుల వరసలో పేర్చి, తాడుతో కట్టి పెట్టారనీ. ఒక కంటికి కట్టు ఉండగానే ఆ పని చేశారన్నావు. నీ చిత్తుప్రతిలో ఆ ముక్క ఎక్కడా లేదు. కార్డు మీదున్న ప్రధానోపాధ్యాయులు అన్న మాటకు ప్రాణం అక్కడుందిరా. ఆ ఇంటికి వచ్చే ఉత్తరాల్లో, ఫోన్లలో ఈ సంగతి ఇంకెవరూ చెప్పలేరు. వాళ్ళమ్మగారికి కూడా తెలిసి ఉండకపోవచ్చు.

నేనైతే ఇలా రాస్తాను. నీ మాటల్లోకి మార్చుకో.

"ఒరేయ్, కార్డు చూశాను. ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ చేసి కట్ చేశాను. మీ నాన్నగారు మన గదికి వచ్చినప్పుడు కంటికి కట్టుతోనే పాత పేపర్లు తారీఖుల ప్రకారం పేర్చి కట్టారు, నీకు గుర్తుందో లేదో. మధ్యలో ఒక రోజు పేపరు కనపడలేదని సాయంత్రం నన్ను అడిగారు. దాని మీద నేను టిఫిన్ తిని పారేశానని చెప్పడానికి భయపడ్డాను. ఆయన నన్ను కూడా వాళ్ళ బడి పిల్లాడిలాగే చూశారు. కొత్త ఉద్యోగం, సెలవు ఇవ్వలేదు, 19కి రాలేకపోతున్నాను. వచ్చే నెల వస్తాను, అమ్మగారిని చూస్తాను. దీనికి జవాబు రాయక్కర్లేదు."

అంతే. ఇంతకంటే పెంచొద్దు. "ధైర్యంగా ఉండు" అనొద్దు, ఆ మాట వాడికి ఇప్పటికే ఊరంతా చెప్పి ఉంటుంది. మొదట్లో "క్షేమం, క్షేమమని తలుస్తాను" అన్న అలవాటు వరస రాకుండా చూసుకో. చావు కబురు ఉత్తరాల్లో మన పెద్దవాళ్ళు అది రాసేవారు కాదు.

"ఏ సాయం కావాలన్నా అడుగు" అని కూడా రాశావు. ఆ స్థితిలో ఉన్నవాడు అడగడు. సాయం పేరు పెట్టి చెప్పాలి. చావును 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. దాటితే ఆలస్య రుసుము, ఇంకా దాటితే అనుమతులు. ఆసుపత్రిలో పోతే వాళ్ళే కబురు పంపుతారు గాని, ఇంటి దగ్గర పోతే ఇంటి పెద్దే పంచాయతీ కార్యదర్శికి చెప్పుకోవాలి. కర్మ అయ్యేసరికే పదకొండు రోజులు పోతాయి, బంధువులు వెళ్ళాక రెండు రోజులు ఒళ్ళు తెలియదు, ఈలోగా నెలాఖరు వచ్చేస్తుంది. ఆ సర్టిఫికెట్ లేకుండా వాళ్ళమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ కదలదు, బ్యాంకులో పని జరగదు. అయితే ఇది సంతాపం ఉత్తరంలో రాసే సంగతి కాదు. 20వ తేదీ దాటాక వాళ్ళ అన్నయ్యకి ఫోన్ చేసి నమోదు అయిందా అని అడుగు. కాగితాలు, ఫారాలు నువ్వు చూసిపెడతానని చెప్పు. ఇప్పుడు నువ్వున్న పుణెలో కూర్చునైనా చెయ్యగలిగిన పని అది.

ఉత్తరం టైపు చెయ్యకు, చేత్తో రాయి. పేపర్లు తారీఖుల వరసలో కట్టిన మనిషి ఇంటికి వెళ్ళే కాగితం, పైన తేదీ వెయ్యడం మర్చిపోకు. చిరునామా కార్డులో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, పిన్‌కోడ్ మాత్రం లేదు, చూసి వేసుకో. రేపు పొద్దున స్పీడ్ పోస్ట్ చేస్తే కర్మ లోపలే అందుతుంది. మొదటి మాసికం ఎప్పుడొస్తుందో పంచాంగం చూసి నీకు చెబుతాను. అప్పటికి చుట్టాలందరూ వెళ్ళిపోయి ఉంటారు. వీలైతే ఆ రోజుకే టికెట్ తీసుకో.

మీ బాబాయి