ఫోన్ చేతికిచ్చే ముందు

అడిగినవాళ్లకు ఫోన్ ఇచ్చేటప్పుడు ఏమి ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం వ్యక్తిత్వంలో భాగం. తెరిచి ఉన్న ఫోన్‌ను అలాగే చేతిలో పెడితే అవతలి మనిషికి దక్కేది పది నిమిషాల వీడియో ఒక్కటే కాదు. వాట్సాప్, ఫోటోలు, బ్యాంకు మెసేజ్‌లు, మెయిల్ అన్నీ ఒక వేలి దూరంలోకి వస్తాయి. చాలామంది ఇక్కడ రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు మొహమాటానికి పోయి ఇచ్చేసి, తిరిగి చేతికొచ్చేదాకా ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంటారు. మరికొందరు ‘చార్జింగ్ లేదు’ అని అబద్ధమాడతారు. ఈ రెండూ అక్కర్లేకుండా చేసే సాధనాలు ఆండ్రాయిడ్‌లో 2014 నాటి 5.0 వెర్షన్ నుంచే ఉన్నాయి. ఒకటి గెస్ట్ మోడ్, రెండోది యాప్ పిన్నింగ్.

‘నా ఫోన్లో దాచుకోవడానికి ఏముంది’ అనేవాళ్లను ఇక్కడ కాస్త గట్టిగానే మందలించాలి. ఫోన్లో ఉండేవి సొంతదారు సంగతులు మాత్రమే కావు. స్నేహితురాలు పంపిన స్కాన్ రిపోర్టు, తమ్ముడి అప్పు గొడవ, తోటి ఉద్యోగి నమ్మకంతో చెప్పుకున్న బాధ కూడా అందులోనే ఉంటాయి. తన రహస్యాన్ని వదులుకునే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇతరుల రహస్యాన్ని వాళ్లను అడగకుండా బయటపెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఫోన్ ఇవ్వడంలోని ఈ చిక్కును పరిశోధకులు ఎప్పుడో గమనించారు. ఫోన్ అరువివ్వడంలో జనానికి ఉండే జంకు గురించి 2009లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. అంతా తెరవడమో అంతా మూయడమో తప్ప మధ్య దారి లేకపోవడమే చిక్కని అందులో తేలింది. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మహిళలపై 2018లో వచ్చిన మరో అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ఇంట్లోవాళ్లకు ఫోన్ ఇవ్వాల్సిందేనన్న పరిస్థితిలో ఉన్న ఆడవాళ్లు యాప్ లాక్‌లతోనూ, మెసేజ్‌లు చెరిపేసుకోవడంతోనూ తమ చోటును కాపాడుకుంటున్నారు. చెరిపేసుకోవాల్సిన అవసరం లేకుండానే ఆ చోటును నిలుపుకునే వీలు గెస్ట్ మోడ్‌లో ఉంది.

ముందుగా రెండింటి తేడా తెలియాలి. యాప్ పిన్నింగ్ అంటే వచ్చినవాళ్లను ఇంట్లోకి పిలిచి ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేయడం. గెస్ట్ మోడ్ అంటే వాళ్లకు వేరే ఖాళీ ఇల్లు ఇవ్వడం. పిన్ చేసిన యాప్ నుంచి బయటికి రాలేరు గాని ఆ యాప్‌లో ఉన్నదంతా చూడగలరు. అందుకే గ్యాలరీని పిన్ చేయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు, అన్ని ఫోటోలూ ఆ గదిలోనే ఉన్నాయి. యూట్యూబ్‌ను పిన్ చేస్తే సొంతదారు చూసిన వీడియోల జాబితా కనిపిస్తుంది, సొంతదారు పేరు మీదే కామెంట్లు కూడా పెట్టొచ్చు. లోపల సొంత వివరాలేవీ లేని యాప్‌కు, అంటే పిల్లల ఆటకో క్యాలిక్యులేటర్‌కో, పిన్నింగ్ సరిపోతుంది. మిగతా వాటికి గెస్ట్ మోడే సరైనది.

ఒక సందర్భం తీసుకుంటే ఇది తేటపడుతుంది. పెళ్లింట్లో ఒకావిడను ఆమె ఆడపడుచు కొడుకు, మూడో తరగతి పిల్లవాడు, “అత్తా, ఫోన్ ఇవ్వవా, కార్టూన్ చూసుకుంటా” అని అడిగాడు. ఆమెది మార్పులు పెద్దగా లేని ఆండ్రాయిడ్ ఫోన్. పిల్లవాడికి కావలసింది యూట్యూబ్ కాబట్టి గెస్ట్ మోడ్ ఎంచుకోవాలి. ఆమె ఇంటి దగ్గరే సెట్టింగ్స్‌లో System, అందులో Users తెరిచి, బహుళ వినియోగదారుల స్విచ్ వేసి ఉంచుకుంది. కొన్ని ఫోన్లలో ఈ పేరు Multiple users అని ఉంటుంది. ఇప్పుడు చేయాల్సిందల్లా పైనుంచి రెండుసార్లు వేలితో లాగి, కింద కనిపించే మనిషి బొమ్మను నొక్కి, గెస్ట్‌ను ఎంచుకోవడం. మొదటిసారి కాస్త సమయం పడుతుంది. తరవాత ఫోన్ అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు తెరుచుకుంటుంది. ఆమె ఫోటోలు లేవు, వాట్సాప్ లేదు, మెయిల్ లేదు. యూట్యూబ్ ఏ ఖాతా లేకుండానే నడుస్తుంది. వైఫై మాత్రం ముందు కలిపిందే పనిచేస్తుంది, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టక్కర్లేదు. వైఫై లేకపోతే ఖర్చయ్యేది ఆమె డేటాయే.

ఇదంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. సొంతదారు ఖాతాకు స్క్రీన్ లాక్ ఉండాలి. లాక్ లేకపోతే పిల్లవాడు అదే మనిషి బొమ్మ నొక్కి ఆమె ఖాతాలోకి నేరుగా వచ్చేస్తాడు. లాక్ పెట్టుకోకుండా గెస్ట్ మోడ్‌ను నమ్ముకోవడం తనను తాను మోసగించుకోవడమే. పరీక్ష సులువు. ఫోన్ ఇచ్చేముందు గెస్ట్‌లోంచి సొంత ఖాతాకు మారి చూడాలి. పిన్ గాని, వేలిముద్ర గాని అడిగితే అంతా సరిగ్గా ఉన్నట్టు.

Users పేజీలో ఇంకో స్విచ్ ఉంటుంది. అది గెస్ట్‌కు ఫోన్ కాల్స్ చేసుకునే వీలిస్తుంది. అది వేస్తే కాల్స్ చరిత్ర గెస్ట్‌తో పంచుకోబడుతుందని ఫోనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదవకుండా నొక్కేసేవాళ్లే ఎక్కువ. ఎవరెవరికి ఎప్పుడు ఫోన్ చేశామన్నది చిన్న సంగతి కాదు, ఆ స్విచ్ ఆపి ఉంచడమే మేలు.

మరి అదే పెళ్లింట్లో పెదమావగారు వచ్చి, “అమ్మాయ్, నా ఫోన్ ఆగిపోయింది, ఒక్క కాల్ చేసుకోనా” అంటే? ఇక్కడ గెస్ట్ మోడూ పిన్నింగూ రెండూ పనికిరావు. డయలర్‌ను పిన్ చేస్తే కాల్స్ జాబితా, కాంటాక్టులు ఎదురుగా ఉంటాయి. నంబర్ అడిగి తానే కొట్టి, అవతల మోగాక పవర్ బటన్ ఒకసారి నొక్కి ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో కాల్ నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రం లాక్ అవుతుంది. ‘పవర్ బటన్‌తో కాల్ ముగించు’ అనే సౌకర్యం సెట్టింగ్స్‌లో వేసి ఉంటే మాత్రం కాల్ తెగిపోతుంది, కాబట్టి దాన్ని ముందే ఆపుకోవాలి. ఐఫోన్‌లో పక్క బటన్ మామూలుగా కాల్‌ను ముగించేస్తుంది. ఐఓఎస్ 16 నుంచి Accessibility, అందులో Touch దగ్గర Prevent Lock to End Call అనే స్విచ్ వేసి దీన్ని ఆపొచ్చు.

బస్టాండులో ముక్కూమొహం తెలియనివాళ్లకైతే నంబర్ తానే కొట్టడం ఇంకా ముఖ్యం. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే కోడ్ ఒకటి కొట్టి, కాల్స్ అన్నీ తమ నంబర్‌కు మళ్లించుకునే మోసాలు జరిగాయి. అందుకే *401# లాంటి కోడ్లతో కాల్ ఫార్వర్డింగ్‌ను టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపివేయించింది. సెట్టింగ్స్‌లోంచి మళ్లించుకునే దారి మాత్రం అలాగే ఉంది. నంబర్ మామూలు పది అంకెలు కాకపోతే కొట్టకూడదు. అలా నిరాకరించడంలో అమర్యాద ఏమీ లేదు.

పిన్నింగ్ విషయానికొస్తే, సెట్టింగ్స్‌లో భద్రతకు సంబంధించిన పేజీ చివర్లో App pinning ఉంటుంది. శామ్‌సంగ్‌లో దాని పేరు Pin app. దాన్ని వేసిన వెంటనే కింద ఉన్న Ask for PIN before unpinning అనే రెండో స్విచ్ కూడా వేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండోది వేయకపోతే తెర కింది నుంచి పైకి లాగి కాసేపు పట్టుకుంటే చాలు, పిన్ ఊడిపోయి ఫోన్ మొత్తం తెరుచుకుంటుంది. పిల్లలు ఈ కిటుకు చాలా త్వరగా కనిపెడతారు. స్విచ్‌లు రెండూ వేశాక ఆట తెరిచి, కింది నుంచి పైకి లాగి పట్టుకుంటే ఇటీవలి యాప్‌లు వరసగా కనిపిస్తాయి. ఆట పైన ఉన్న చిన్న బొమ్మను నొక్కి Pin అనాలి. అప్పుడు ఫోన్ చూపించే హెచ్చరికలో పిన్ చేసిన యాప్ ఇతర యాప్‌లను తెరవొచ్చని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆటల్లో ప్రకటనలు ఉంటాయి కాబట్టి ఆ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. ఇచ్చేముందు ఆ పైకి లాగే సంజ్ఞను తానే చేసి, లాక్ అడుగుతోందో లేదో చూసుకోవాలి.

శామ్‌సంగ్ ఫోన్లలో గెస్ట్ ఉండదు, ఆ సంస్థ ట్యాబ్లెట్లలోనే ఉంటుంది. అందుకని ఆ ఫోన్ ఉన్నవాళ్లు సొంత విషయాలను సెక్యూర్ ఫోల్డర్‌లోకి మార్చి, మిగతాదానికి పిన్ వాడుకోవాలి. షావోమీలో సెకండ్ స్పేస్ దాదాపు ఇదే పని చేస్తుంది. ఐఫోన్‌లోనూ గెస్ట్ లేదు. 2012లో ఐఓఎస్ 6తో వచ్చిన గైడెడ్ యాక్సెస్ అక్కడ పిన్నింగ్ చేసే పనే చేస్తుంది. Accessibility లో దాన్ని వేసి, వేరే పాస్‌కోడ్ పెట్టుకుని, యాప్ తెరిచి పక్క బటన్‌ను మూడుసార్లు నొక్కాలి. ఇందులో మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. Options లో Touch ఆపేస్తే తెర స్పర్శకు స్పందించదు. పెళ్లి ఫోటో ఒకటి చూపించాలంటే ఇంతకంటే మంచి దారి లేదు, వేలితో పక్కకు జరిపి తరవాతి ఫోటోకు వెళ్లడం ఎవరివల్లా కాదు. ఆండ్రాయిడ్‌లో అలాంటి వీలు లేదు గనుక, ఆ ఒక్క ఫోటోను వాళ్ల ఫోన్‌కే పంపేయడం తేలిక.

వీటన్నిటికీ అలవాటు కావాలి, ఆ అలవాటు ఎదుటివాళ్ల ముందే చేసుకోవాలి. చాటుకు వెళ్లి నొక్కి తెస్తే అనుమానించినట్టు ఉంటుంది. “ఉండు నాన్నా, గెస్ట్‌లో పెట్టిస్తా” అని నవ్వుతూ అందరి ముందూ చేస్తే అది ఫోన్ ఇచ్చే పద్ధతిలో భాగమైపోతుంది. భర్తకైనా, తోడికోడలికైనా, ఆఫీసులో పై అధికారికైనా ఒకే పద్ధతి పాటించాలి. ఒకరికి తెరిచి ఇచ్చి మరొకరికి మూసి ఇస్తేనే మనసులు నొచ్చుకుంటాయి. మొదటి ఒకటి రెండుసార్లు ఎవరైనా ముఖం చిట్లించినా వెనక్కి తగ్గనక్కర్లేదు. అందరికీ ఒకటే రివాజని తెలిశాక ఎవరూ అడగరు.

ఫోన్ తిరిగి వచ్చాక మిగిలిన పని ఒకటే. మనిషి బొమ్మ నొక్కి గెస్ట్‌లోంచి బయటికి వచ్చేటప్పుడు, గెస్ట్ చేసినదంతా తొలగించాలా, ఉంచాలా అని ఫోన్ అడుగుతుంది. తొలగించమనే చెప్పాలి. ఆ పిల్లవాడు ఏం చూశాడన్నది కూడా అతని సొంత విషయమే. ఉంచితే, తరవాత గెస్ట్‌గా వచ్చేవాళ్లకు పాత సెషన్ కొనసాగించాలా అని అడుగుతుంది, అతని వివరాలు వాళ్ల కళ్లబడతాయి. అపరిచితులకు ఇచ్చి ఉంటే కాల్ ఫార్వర్డింగ్ సెట్టింగ్‌ను తెరిచి, అక్కడ తనకు తెలియని నంబర్ ఏదీ లేదని చూసుకుని ఫోన్‌ను జేబులో పెట్టుకోవచ్చు.