ఎమ్మారై గొట్టంలో ఆ మోత దేనిది?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నడుము నొప్పికి కర్నూలులో ఎమ్మారై తీయించుకోమన్నారు. గొట్టంలో పడుకోవాలన్నా, ఆ మోతన్నా భయం. రేడియేషన్‌తో ప్రమాదం లేదా?

జవాబు: ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బొమ్మకు ఆధారం ప్రధానంగా ఒంట్లోని నీరే. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయి. 1.5 టెస్లా యంత్రంలో వాటిలో స్వల్పభాగం అయస్కాంత దిశకు ఎక్కువగా మొగ్గుతుంది. అప్పుడు సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగం పంపితే ఆ మొగ్గు పక్కకు ఒరుగుతుంది. తరంగం ఆగాక కేంద్రకాలు వెలువరించే సన్నని సంకేతాన్ని నడుము దగ్గరి కాయిల్ అందుకుంటుంది.

అది ఏ చోటి నుంచి వచ్చిందో ఎలా తెలుస్తుంది? మరికొన్ని తీగచుట్టలు అయస్కాంత బలాన్ని చోటుచోటుకూ కాస్త మారుస్తాయి. దాంతో సంకేతపు పౌనఃపున్యం మారుతుంది, కంప్యూటర్ దాన్నిబట్టి చోటు లెక్కగడుతుంది. ఆ చుట్టల్లో కరెంటు క్షణక్షణం మారడంతో అవి అదురుతాయి. మీరు భయపడుతున్న దడదడ అదే. యంత్రం చెడిపోయిందని కాదు. చెవులకు రక్షణ ఇస్తారు, చేతిలో నొక్కి పిలిచే బల్బు ఉంటుంది.

ఒక రకం చిత్రంలో నీరున్న వెన్ను డిస్క్ తెల్లగా, ఎండినది నల్లగా కనిపిస్తుంది. అయితే నొప్పిలేని వారిలోనూ నల్లని డిస్కులు ఉంటాయి. అందుకే రిపోర్టు ఒక్కటే చాలదు, కాలి తిమ్మిరి, బలం కూడా డాక్టరు పరీక్షించాలి.

కదిలితే బొమ్మ చెదిరి, మళ్లీ తీయాల్సి వస్తుంది. పేస్‌మేకర్, లోహపు క్లిప్పు, కంట్లో ఇనుప రజను, గర్భం ఉంటే గదిలోకి అడుగుపెట్టకముందే చెప్పండి.